చపాతీ తిన్న గంటకు లో షుగర్

టైప్ వన్ షుగర్ ఉన్న పిల్లలకు థైరాయిడ్, సీలియాక్ పరీక్షలు ఏ లక్షణమూ లేకపోయినా చేయిస్తారు. ఒకసారి నార్మల్ అని వచ్చినా మళ్లీ చేయిస్తారు. ఎందుకో మా ఇంటి పాప కథే చెబుతుంది.

రాత్రి ఎనిమిదికి రెండు చపాతీలు, బీరకాయ కూర తిన్నది. తినే ముందు నాలుగు యూనిట్ల ఇన్సులిన్ వేసుకుంది. తొమ్మిదింపావుకి చేతులు వణుకుతున్నాయంటే వేలు గుచ్చి చూశారు. మీటర్లో 54. గ్లూకోజ్ కలిపి తాగించి పక్కన కూర్చున్నారు. అర్ధరాత్రి దాటాక మళ్లీ చూస్తే 268.

మా అక్క కూతురికి అప్పుడు పదకొండేళ్లు. టైప్ వన్ షుగర్ బయటపడి మూడేళ్లు కావస్తోంది. ఆ నెలలో అలాంటి రాత్రులు తొమ్మిది వచ్చాయని అక్క రాసుకున్న నోటుబుక్కు చెబుతోంది. ఇంట్లో ఎవరి లెక్క వాళ్లది. సాయంత్రం బాగా ఎగిరింది, అందుకే పడిపోయిందని బావ. సూది ఒక యూనిట్ ఎక్కువ వేశావేమోనని అమ్మ. చపాతీ సగం తిని మిగతాది కుక్కకు పెట్టి ఉంటుందని పాప తమ్ముడు. పాప మాత్రం, "నేను మొత్తం తిన్నాను పిన్నీ, ఎవరూ నమ్మడం లేదు" అని ఫోన్లో ఏడ్చింది.

పాప మొత్తం తిన్నది. సూది కూడా సరిగ్గానే పడింది. తిన్నది రక్తంలోకి చేరడమే ఆలస్యమవుతోంది. భోజనానికి వేసే ఇన్సులిన్ పావుగంటలో పని మొదలుపెట్టి, గంట నుంచి రెండు గంటల మధ్య గట్టిగా పనిచేస్తుంది. ఆ వేళకు చపాతీలోని పిండిపదార్థం చక్కెరగా మారి రక్తంలో ఉంటుందన్న నమ్మకం మీదే ఆ నాలుగు యూనిట్ల లెక్క నిలబడి ఉంది. పేగు గోడ దెబ్బతింటే అన్నం లేటుగా, సగం సగంగా చేరుతుంది. ఇన్సులిన్ వచ్చేసరికి చక్కెర లేదు, చక్కెర వచ్చేసరికి ఇన్సులిన్ అయిపోయింది. మొదట 54, తర్వాత 268. కంగారులో తాగించిన గ్లూకోజ్ కూడా ఆ రెండో అంకెలో కొంత ఉంది.

ఒకే పొరపాటు, మూడు చోట్ల

టైప్ వన్ తీపి తినడం వల్ల వచ్చే జబ్బు కాదు. మన రోగనిరోధక వ్యవస్థ, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను పరాయివని పొరబడి చంపేస్తుంది. అలా పొరబడే తత్వం ఒంట్లో ఉన్నప్పుడు అది ఒక్క అవయవం దగ్గర ఆగుతుందన్న హామీ లేదు. మెడలోని థైరాయిడ్ గ్రంథి మీద పడితే హషిమోటో జబ్బు. 1912లో దాన్ని మొదట వర్ణించిన జపాన్ డాక్టరు హకరు హషిమోటో పేరే దానికి స్థిరపడింది. చిన్నపేగు మీద పడితే సీలియాక్. ఇందులో అదనంగా ఒక విచిత్రం ఉంది. ఇక్కడ నిప్పు రాజేసేది మనం తినే గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు. అది కడుపులో పడుతున్నంతకాలం పేగు లోపలి సన్నటి కేశాల్లాంటి మడతలు అరిగిపోతూ ఉంటాయి. మానేస్తే మళ్లీ మొలుస్తాయి.

ఈ జబ్బుల వెనుక ఉమ్మడి వారసత్వం ఉంది. తెల్లకణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ గుర్తుల్లో డీక్యూ2, డీక్యూ8 అనే రెండు రకాలు టైప్ వన్ ఉన్నవారిలో చాలా ఎక్కువగా కనిపిస్తాయి. సీలియాక్ వచ్చినవారిలో దాదాపు అందరికీ ఈ రెంటిలో ఏదో ఒకటి ఉంటుంది. టైప్ వన్ ఉన్నవారిలో వందకు 17 నుంచి 30 మందికి థైరాయిడ్ మీద ఈ దాడి జరుగుతుందని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ తన మార్గదర్శకాల్లో చెబుతుంది. సీలియాక్‌కు అదే పుస్తకం ఇచ్చే లెక్క వందకు 1.6 నుంచి 16.4 దాకా. మామూలు జనంలో అది ఒకటికి అటూ ఇటూగానే.

ఊళ్లో అందరికీ చేయని పరీక్షను ఈ పిల్లలకు తప్పనిసరి చేయడానికి కారణం ఈ తేడాయే. ఒక లెక్క వేసి చూద్దాం. ఒక రక్తపరీక్ష జబ్బు ఉన్నవాళ్లందరినీ పట్టుకుంటుందనుకుందాం. జబ్బు లేనివాళ్లలో మాత్రం వందకు ఇద్దరిని తప్పుగా పట్టిస్తుందనుకుందాం. వెయ్యి మందిలో ఒకరికే జబ్బు ఉన్న చోట ఆ పరీక్ష చేస్తే, నిజంగా ఉన్న ఒక్కరితోపాటు లేని ఇరవై మందికీ పాజిటివ్ వస్తుంది. ఆ ఇరవై ఇళ్లలో అనవసరంగా నిద్ర చెడుతుంది, ఎండోస్కోపీలు జరుగుతాయి. అదే పరీక్ష, వెయ్యిలో యాభై మందికి జబ్బు ఉన్న టైప్ వన్ పిల్లలకు చేస్తే, యాభై నిజమైనవి వస్తాయి, తప్పువి పందొమ్మిదే. పరీక్ష అదే, చేసిన చోటు మారేసరికి దాని మాటకు విలువ పెరిగింది.

దక్షిణాదిలోనూ ఎందుకు?

సీలియాక్ ఉత్తరాది రొట్టెల జబ్బు, అన్నం తినే మనకెందుకు వస్తుందని అడిగేవాళ్లున్నారు. ప్రశ్నలో న్యాయం ఉంది. మన దేశంలో మూడు ప్రాంతాల్లో ఇరవై మూడు వేల మందికి పైగా పెద్దలను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో సీలియాక్ ఉత్తరాదిలో 1.23 శాతం, ఈశాన్యంలో 0.87 శాతం, దక్షిణాదిలో 0.10 శాతం కనిపించింది. ఆ జన్యు గుర్తులు మాత్రం మూడు చోట్లా ఇంచుమించు ఒకేలా, ముగ్గురిలో ఒకరికి అటూ ఇటూగా ఉన్నాయి. పెద్ద తేడా గోధుమ వాడకంలో ఉంది: ఉత్తరాదిలో మనిషికి రోజుకు 455 గ్రాములు, దక్షిణాదిలో 25.

అంటే మనలోనూ విత్తనం ఉంది, దానికి నీళ్లు పోసే అలవాటు తక్కువ. మరి ఇంట్లో ఎవరికైనా షుగర్ అని తెలిసిన మర్నాడు మనం చేసే మొదటి పనేమిటి? అన్నం మాన్పించి చపాతీ పెట్టడం. బియ్యపు రవ్వ ఉప్మా పోయి గోధుమ రవ్వ ఉప్మా వస్తుంది. ఇడ్లీ తినే పిల్లకు బ్రౌన్ బ్రెడ్డు, రస్కులు మంచివంటారు. మా ఇంట్లో అక్షరాలా ఇదే జరిగింది. ఎనిమిదో ఏట పాప ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి మా అమ్మ రెండు పూటలా గోధుమే పెట్టింది. గోధుమ వల్ల టైప్ వన్ రాలేదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. చపాతీ పెట్టినందుకే సీలియాక్ వచ్చిందనీ ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ అసలే ఆ తత్వం ఉన్న పిల్లకు, తాతల కాలంలో లేనంత గ్లూటెన్ మూడేళ్లుగా అందుతోంది. దక్షిణాది కుటుంబమైనా టైప్ వన్ ఉన్న పిల్లకు ఈ పరీక్ష వదలకూడదని నేను గట్టిగా అనేది అందుకే.

మొదటి రిపోర్టులన్నీ నార్మలే

పాప ఫైలు మొదటి నుంచీ చూద్దాం. ఎనిమిదో ఏట కీటోన్లు పెరిగి, వాంతులతో, ఆయాసంతో ఐసీయూలో చేరింది. థైరాయిడ్ పరీక్ష ఆ రోజు చేయలేదు. ఒళ్లు అంత దెబ్బతిన్నప్పుడు థైరాయిడ్ అంకెలు వాటంతటవే పక్కకు జరుగుతాయి, వాటిని చూసి మందు మొదలుపెడితే పొరపాటవుతుంది. షుగర్ అదుపులోకి వచ్చి మూడు వారాలయ్యాక రక్తం తీశారు. టీఎస్‌హెచ్ నార్మల్. టీపీఓ యాంటీబాడీలు మాత్రం ఎక్కువగా ఉన్నాయి. అంటే గ్రంథి మీద దాడి మొదలైంది, గ్రంథి ఇంకా తట్టుకుంటోంది. ఈ దశలో మాత్ర ఇవ్వరు, కనిపెట్టుకుని ఉంటారు.

సీలియాక్‌కు టీటీజీ ఐజీఏ అనే యాంటీబాడీ పరీక్ష చేశారు. దాంతోపాటు మొత్తం ఐజీఏ ఎంతుందో కూడా చూశారు. ఈ రెండోది బిల్లులో అనవసరంగా కనిపిస్తుంది గానీ కాదు. కొందరి ఒంట్లో ఐజీఏ రకం యాంటీబాడీలే తయారవవు. వాళ్లకు పేగు పూర్తిగా అరిగిపోయినా టీటీజీ ఐజీఏ సున్నా చూపిస్తుంది, అందరూ నార్మల్ అనుకుని ఇంటికెళ్తారు. అలాంటివారికి ఐజీజీ రకం యాంటీబాడీల పరీక్ష చేయాలి. మన పాపకు ఐజీఏ సరిపడా ఉంది, టీటీజీ నెగెటివ్.

డాక్టరు గారు ఫైలు మీద రాసిచ్చారు: టీఎస్‌హెచ్ ఏడాదికోసారి, టీటీజీ రెండేళ్లలోపు మరోసారి, ఐదేళ్లకు ఇంకోసారి. అమెరికన్ సంఘం చెప్పే వరుస కూడా ఇంచుమించు ఇదే. థైరాయిడ్ బాగున్నవారికి ఒకటి రెండేళ్లకోసారి, యాంటీబాడీలు ఉన్నా, లక్షణాలు కనిపించినా ఇంకా ముందే చూడమంటుంది. సీలియాక్‌కు రెండేళ్లలోపు, ఆ పైన ఐదేళ్లకు అన్న గడువు ఊరికే పెట్టింది కాదు. టైప్ వన్ ఉన్నవారిలో బయటపడే సీలియాక్‌లో ఎక్కువ భాగం షుగర్ వచ్చిన మొదటి ఐదేళ్లలోనే పడుతుంది.

ఫైలులో రాసిన ఆ రెండేళ్ల మాటను మా వాళ్లు మరిచారు. "అప్పుడు చేశారు కదా, నార్మలే" అని అక్క అన్న మాట ఇప్పటికీ నాకు గుర్తుంది. ఏ ఇల్లైనా అలాగే అనుకుంటుంది. రోజుకు నాలుగు సూదులు, ఆరుసార్లు వేలు గుచ్చడం, బళ్లో టీచర్లకు చెప్పుకోవడం, వీటి మధ్య ఏ బాధా లేని జబ్బుకు పరీక్ష ఎవరికి గుర్తుంటుంది? ఈ తేదీలు గుర్తుపెట్టుకునే భారం తల్లి మీద కాక ఆస్పత్రి మీద ఉండాలని నా అభిప్రాయం.

ఒకదాని చాటున ఒకటి

పదకొండో ఏట మొదట బయటపడింది థైరాయిడ్. టీఎస్‌హెచ్ 14, ఫ్రీ టీ4 తగ్గింది. పాప మందకొడిగా ఉంటోందని, మలబద్ధకమని, బళ్లో నిద్రపోతోందని అంతకుముందే అంటున్నారు. అవన్నీ షుగర్ పిల్ల అలసట కింద కొట్టుకుపోయాయి. థైరాయిడ్ తగ్గితే ఇన్సులిన్ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది, కాలేయం చక్కెర విడుదల చేయడం తగ్గుతుంది, అందువల్ల కూడా షుగర్ పడిపోతుంది. థైరాయిడ్ ఎక్కువైతే ఇది తారుమారై, ఎంత ఇన్సులిన్ వేసినా చాలదు. ఏదైనా మొదటి అనుమానం డోసు మీదకే వెళ్తుంది.

ఇరవై ఎనిమిది కిలోల పాపకు 50 మైక్రోగ్రాముల లీవోథైరాక్సిన్ మొదలుపెట్టారు. పరగడుపున, టిఫిన్‌కు కనీసం అరగంట ముందు, ఐరన్ మాత్రకు నాలుగు గంటల ఎడంలో. రెండు నెలలకు టీఎస్‌హెచ్ 11. డోసు 75 చేశారు. మరో రెండు నెలలకు ఇంకా 8 దగ్గరే. అక్క ఒక్క రోజు కూడా మాత్ర తప్పలేదు. చపాతీ రాత్రుల్లో 54లు తగ్గలేదు. హిమోగ్లోబిన్ 9.2 ఉందని నాలుగు నెలలు ఐరన్ వేస్తే 9.4కి వచ్చింది. బడి గోడ మీద గీసిన గీత ప్రకారం ఏడాదిలో పెరిగింది మూడు సెంటీమీటర్లే. ఆ వయసులో ఐదారు పెరగాలి.

డాక్టరమ్మ ఇవన్నీ ఒకే కాగితం మీద రాసుకుంది. మాత్ర అరగట్లేదు, ఐరన్ అరగట్లేదు, చపాతీ అరగట్లేదు. మూడూ దిగాల్సిన రేవు ఒకటే, చిన్నపేగు. ఆ రోజే టీటీజీ పంపింది. పరిమితికి పదకొండు రెట్లు వచ్చింది. పాపకు విరేచనాలు లేవు, కడుపు నొప్పి లేదు. టైప్ వన్ ఉన్నవారిలో సీలియాక్ ఎక్కువగా ఇలా నోరెత్తకుండానే ఉంటుంది. లక్షణాలు వచ్చాక చేద్దామంటే కుదరకపోవడానికి కారణం ఇదే.

"గోధుమ మానేయమంటారా?" అని అక్క అడిగింది.

"ఇప్పుడే వద్దమ్మా. ఎండోస్కోపీ అయ్యేదాకా తిననివ్వండి."

ఇది చాలా ఇళ్లలో తప్పే చోటు. రిపోర్టు చూసి భయపడి గోధుమ ఆపేస్తే పేగు మానడం మొదలవుతుంది, యాంటీబాడీలు దిగుతాయి, బయాప్సీ ముక్కలో జబ్బు సగమే కనిపిస్తుంది. జీవితాంతం పాటించాల్సిన పథ్యానికి పునాది అనుమానమవుతుంది. మా అమ్మ ఆ సాయంత్రమే చపాతీ పిండి పక్కింట్లో ఇచ్చేసింది. మర్నాడు మళ్లీ కొనుక్కొచ్చారు.

యాంటీబాడీ పది రెట్లు దాటి, మరోసారి తీసిన రక్తంలో ఈఎంఏ అనే రెండో యాంటీబాడీ కూడా ఉంటే పిల్లల్లో బయాప్సీ లేకుండానే నిర్ధారించవచ్చని యూరప్ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో చెప్పింది. డాక్టరమ్మ మాత్రం బయాప్సీకే మొగ్గింది. టైప్ వన్ కొత్తగా వచ్చిన పిల్లల్లో టీటీజీ కొద్దిగా పెరిగి దానంతటదే దిగిపోవడం ఉంది. అలాంటప్పుడు గోధుమ తింటూనే కొన్ని నెలలు ఆగి మళ్లీ చూస్తారు. పదకొండు రెట్లు అలా దిగే అంకె కాదు, అయినా పేగు కళ్లారా చూసి మొదలుపెడదామంది. ఎండోస్కోపీకి ఉదయం మొదటి నంబరు ఇచ్చారు, రాత్రి వేసే దీర్ఘకాల ఇన్సులిన్ మాననివ్వలేదు, గంటగంటకూ షుగర్ చూశారు. చిన్నపేగు మొదటి భాగం నుంచి ఐదు చిన్న ముక్కలు తీశారు. మడతలు చదునైపోయాయని రిపోర్టు వచ్చింది.

వంటింట్లో వెతుకులాట

"అన్నం మానిపించి చపాతీ పెట్టింది నేనేగా" అని మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నుంచి వంటిల్లు ఆమే సర్దింది. నిజానికి మన వంటిల్లు ఈ పథ్యానికి ఎంతో అనువైనది. ఇడ్లీ, దోసె, పెసరట్టు, జొన్న రొట్టె, రాగి సంకటి, కొర్రన్నం, పప్పు, పులుసు, పచ్చడి, వేటిలోనూ గ్లూటెన్ లేదు. మానాల్సినవి గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బ్రెడ్డు, బిస్కెట్లు, పూరీలు, మైసూర్ బజ్జీ, బొబ్బట్లు, కాజాలు, బార్లీ జావ, మాల్ట్ కలిపిన పాల పొడులు. పూతరేకులు బియ్యపు పిండివే, గ్లూటెన్ గొడవ లేదు, కానీ వాటిలోని బెల్లానికి ఇన్సులిన్ లెక్క వేసుకోవాలి.

మూడు నెలలకు టీటీజీ దిగింది, కానీ అనుకున్నంత కాదు. ఎక్కడ పొరపాటో తెలియలేదు. అమ్మ డబ్బాలన్నీ వరుసగా పెట్టి లేబుళ్లు చదివించింది. దొరికింది ఇంగువ డబ్బాలో. కొట్లో దొరికే ఇంగువ పొడిలో ఎక్కువ భాగం గోధుమ పిండో మైదానో ఉంటుంది, అసలు ఇంగువ కొంచెమే. పులిహోరలో, పప్పులో, చారులో, ఆవకాయలో, రోజూ కొంచెం కొంచెంగా పడుతూ వచ్చింది. ఇప్పుడు పిండి కలపని ముద్ద ఇంగువ తెచ్చి నీళ్లలో నానబెట్టి వాడుతోంది. జొన్న పిండి కూడా గోధుమలు ఆడిన మరలో పట్టించకుండా ఇంట్లోనే మిక్సీ పడుతోంది.

పథ్యం వల్ల ఏం మారింది, ఏం మారలేదు అన్నది ఉన్నదున్నట్టు చెప్పాలి. తిన్న గంటకు పడిపోవడం దాదాపు ఆగింది. హిమోగ్లోబిన్ 11.4. అదే 75 మైక్రోగ్రాముల మాత్రతో టీఎస్‌హెచ్ 3కి వచ్చింది. ఎనిమిది నెలల్లో నాలుగు సెంటీమీటర్లు పెరిగింది. రోజు మొత్తం ఇన్సులిన్ 22 యూనిట్ల నుంచి 27కి పెరిగింది. అక్క మొదట భయపడింది గానీ, తిన్నదంతా ఒంటపడుతోందనడానికి గుర్తు అది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 7.9 నుంచి 7.8కి, అంతే. అందులో ఆశ్చర్యం లేదు. లక్షణాలు లేని సీలియాక్, టైప్ వన్ రెండూ ఉన్నవారి మీద కెనడాలో చేసిన సీడీ డైట్ పరీక్షలోనూ ఏడాది పథ్యంతో హెచ్‌బీఏ1సీ తగ్గలేదు. ఈ పథ్యం పేగు కోసం, ఎముకల కోసం, రక్తం కోసం, ఎత్తు కోసం. షుగర్ తగ్గుతుందని చెప్పి మొదలుపెట్టిస్తే ఇళ్లలో మూడు నెలలకే నమ్మకం పోతుంది.

ఒక జాగ్రత్త కూడా డాక్టరమ్మ చెప్పింది. ఈ జబ్బుల కుటుంబంలోనే అడిసన్ అనే మరో జబ్బుంది, మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులను దెబ్బతీస్తుంది. అరుదు. చర్మం, చిగుళ్లు నల్లబడుతూ, ఇన్సులిన్ తగ్గించినా షుగర్ పడిపోతూ, బరువు తగ్గుతుంటే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టే ముందే కార్టిసాల్ చూడాలి. ఆ జబ్బు ఉందని తెలియకుండా థైరాయిడ్ మాత్ర ఇస్తే మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది.

పోయిన నెల పాప తమ్ముడికి కూడా రక్తం తీశారు. వాడికి షుగర్ లేదు, ఏ బాధా లేదు, పాపకు సీలియాక్ ఉంది కాబట్టి తీశారు. టీటీజీ నెగెటివ్, ఐజీఏ సరిపడా. రిపోర్టు చూసి వాడు, "నేను పూరీ తినొచ్చా?" అని అడిగాడు. తినొచ్చంది అమ్మ. కానీ పూరీలు ఇంట్లో కాల్చలేదు, బావ హోటల్‌కి తీసుకెళ్లాడు. ఫ్రిజ్ తలుపు మీద అతికించిన కాగితంలో అక్క, పాప పేరు కింద వచ్చే టీఎస్‌హెచ్ తేదీ, టీటీజీ తేదీ ఎర్ర సిరాతో రాసి, దాని కింద కొత్తగా వాడి పేరు కూడా చేర్చింది.